ఆఖరి అప్‌డేట్: రోహిణి కార్తె

రాజాంలో మా కాలేజీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో 'ఉపయోగపడే లింకులు' అని ఒక పేజీ ఉంది. రైతు సంఘాలు, విత్తన సంస్థలు, స్కాలర్‌షిప్పులిచ్చే ట్రస్టులు, పరిశోధన కేంద్రాలు, అన్నీ అక్కడ వరసగా ఉంటాయి. వ్యవసాయం చదివే పిల్లలు ప్రాజెక్టుల కోసం దాన్నే చూస్తారు. ఏడాదికోసారి, వేసవి సెలవుల్లో, కాలేజీలో ఫ్యాన్లకి కూడా పనిలేని రోజుల్లో, ఆ పేజీలో ఎవరు బతికున్నారో ఎవరు పోయారో తేల్చడం లైబ్రేరియన్‌గా నా పని.

ఈ పనంటే నాకెంత ఇష్టమో చెప్తే నవ్వుతారు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకి సున్నా వెయ్యడంలో ఉండే సుఖం నాకు లింకు కొట్టెయ్యడంలో ఉంటుంది. మా స్టాఫ్‌రూమ్‌లో నన్ను చాటుగా యముడి చెల్లెలు అంటారట. అనుకోనివ్వండి. పనికిరాని లింకు నొక్కి పిల్లలు బుర్ర గోక్కుంటుంటే వీళ్లా వచ్చి సమాధానం చెప్పేది?

నాకు కొన్ని సూత్రాలున్నాయి. అన్ని లింకుల్నీ ఒకేసారి తట్టి చూసే ప్రోగ్రామ్ ఒకటుంది. అది తిరిగొచ్చి ఒక్కో లింకు పక్కన ఒక్కో జవాబు పెడుతుంది. నాలుగొందల నాలుగు అని వస్తే, ఇల్లుంది, తలుపు తీశారు, మీరడిగిన పేజీ మాత్రం లేదన్నారు అని అర్థం. అసలు సర్వరే దొరకలేదని వస్తే ఇల్లే లేదు. ఈ రెండూ తేలిక. అసలు చిక్కు అంతా 'బాగానే ఉంది' అని వచ్చేవాటితోనే. ఒకసారి ఒక మహిళా పొదుపు సంఘం లింకు పక్కన బాగానే ఉందని వచ్చింది. తెరిచి చూస్తే పేకాట. ఆ సంఘంవాళ్లు పేరు గడువు పెంచుకోలేదు, ఇంకెవడో ఆ పేరు కొనుక్కుని రమ్మీ పెట్టేశాడు. లింకుకి ప్రాణం ఉంది, సంఘానికి లేదు. అందుకే నేను ప్రోగ్రామ్‌ని నమ్మను, ప్రతిదీ కళ్లతో చూస్తాను. ఆఖరిసారి అప్‌డేట్ చేసిందెప్పుడు? లోపలి లింకుల్లో ఎన్ని విరిగాయి? వార్తల పేజీలో ఆఖరి వార్త ఏమిటి? జరిగిపోయిన సభకి ఇంకా రమ్మంటున్నారా? ఇవన్నీ చూసి, కళ్లద్దాలు తీసి, తీర్పు చెప్తాను.

అలా ఈ వేసవిలో నేను మంచి జోరు మీద ఉండగా మా మావ లైబ్రరీకొచ్చాడు. మా అమ్మకి తమ్ముడు. రాజాం పక్కనే పల్లెలో వ్యవసాయం. లైబ్రరీలో నిశ్శబ్దం అన్న బోర్డు ఆయనకి ఎప్పుడూ కనపడలేదు.

"ఒసే గుంటా! నీకాడ కంప్యూటర్ ఉన్నాది కదేటి. ఇదేటో సూడు" అని చంకలోంచి ఒక పాత గుడ్డసంచీ తీసి బల్ల మీద పరిచాడు.

నాకు నలభై ఆరేళ్లు. మావకి ఇప్పటికీ గుంటనే, చిన్నపిల్లనే. సంచీ మీద వరి కంకి బొమ్మ, దాని కింద ఒక వెబ్‌సైట్ అడ్రసు, ఇంకేమీ లేదు. ఊరు లేదు, ఫోను లేదు. అయితే ఆ అడ్రసు చూడగానే నాకు తెలిసిపోయింది. అది నా పేజీలో ఉన్నదే. నాటు విత్తనాలు కాపాడే ఒక చిన్న సంస్థ. తట్టి చూడాల్సిన వరసలో ఇంకా దాని వంతు రాలేదు.

విషయమిది. మావకి ఊరి చివర పల్లపు మడి ఒకటుంది. శ్రావణంలో నీళ్లొస్తే వారం పదిరోజులు మొలలోతు నిలబడిపోతాయి. ఆ మడిలో ఏ వరీ బతకదు, ఒక్క మా అమ్మమ్మ కాలం నాటి వడ్లు తప్ప. గోధుమరంగు పొట్టు, గింజ చివర నల్లటి ముల్లు. నీళ్లెంత పెరిగితే అదీ అంత పెరుగుతుంది. నిరుడు వానలకి గది కురిసి, గడ్డితాడు చుట్టి కట్టిన పురిలో దాచిన విత్తనమంతా తడిసి మొలకలెత్తి కుళ్లిపోయింది. ఊళ్లో ఇంకెవరూ ఆ వడ్లు వెయ్యడం లేదు. ఎప్పుడో చాలా ఏళ్ల కిందట రాజాం సంతకి వచ్చిన విత్తనాల వాళ్లకి మావ ఒక కుంచెడు ఇచ్చాడట. వాళ్లు బదులుగా ఈ సంచీ ఇచ్చారట.

"ఆళ్లకాడ ఉంటే ఒక కుంచం అడుగుతాను. నేకపోతే ఆ మడి సరుగుడుకిచ్చీడమే. మొక్కలోడు సోమారం ట్రాక్టర్ తెస్తానన్నాడు" అన్నాడు.

సరుగుడు వేస్తే మూడు నాలుగేళ్లు ఆ మడిలోకి వెళ్లే పని లేదు. ఆ తర్వాత వరికి మళ్లీ మళ్లించడం ఉత్త మాట. మావకి అది తెలుసు. అందుకే నవ్వుతూ చెప్పాడు, ఆయన బాధ పడితే నవ్వుతూ చెప్తాడు.

ఇంకో సంగతి కూడా మా ఇద్దరికీ తెలుసు. వడ్లు మామూలుగా ఇంట్లో దాస్తే ఏడాది బాగుంటాయి, రెండేళ్లకి సగం మొలుస్తాయి, ఆ పైన మొలిస్తే మన అదృష్టం. అంటే ఆ సంస్థవాళ్లు ఏటేటా వేసి, కోసి, దాస్తుంటేనే మావ విత్తనం ఉన్నట్టు. సంస్థ మూతపడితే విత్తనమూ పోయినట్టే. ఇలాంటి కేసు నా చేతికి ఇంతకు ముందెప్పుడూ రాలేదు. నేను కుర్చీ ముందుకి లాక్కున్నాను.

సైట్ తెరిచాను. ముందు బ్రౌజరే అడ్డం పడింది, ఇది భద్రం కాదు అని. తాళం గుర్తు లేదు. హోమ్ పేజీ ఆయాసపడుతూ వచ్చింది. ఫొటోల చోట ఖాళీ డబ్బాలు. అడుగున 'చివరిసారి మార్చినది' అని ఏడెనిమిదేళ్ల కిందటి తేదీ. 'మా గురించి' నొక్కితే నాలుగొందల నాలుగు. 'విత్తనాల పట్టిక' నొక్కితే అదే. 'సంప్రదించండి' నొక్కితే అదే. పేజీ మధ్యలో పసుపుపచ్చ గళ్లో ఏదో పండగ ప్రకటన, ఏ సంవత్సరమో కూడా లేదు. జరిగిపోయిన సభ అనుకుని దాటేశాను. పాత వెబ్ పేజీల కాపీలు దాచే సైట్‌లోకి వెళ్లి, పోయిన 'సంప్రదించండి' పేజీ పట్టుకుని, అందులో ఫోన్ నంబరు తీశాను. ల్యాండ్‌లైను. ఆ నంబరు వాడుకలో లేదంది. మెయిల్ పంపితే మెయిల్‌బాక్స్ నిండిపోయిందని క్షణంలో తిరిగొచ్చింది.

నేను కళ్లద్దాలు తీశాను.

"మావా, పోయింది" అన్నాను.

"ఏటి పోనాది?"

"సంస్థ. ఎప్పుడో సచ్చిపోనాది."

మావ సంచీ మడత పెట్టాడు. ఎంత నెమ్మదిగా మడత పెట్టాడంటే, నాకు ఒక్క క్షణం నా ఉద్యోగం మీద అసహ్యం వేసింది. అందుకే హడావిడిగా ఇంకో సైట్ తెరిచాను. అదీ నా పేజీలోదే, కొత్తవలసలో నాటు విత్తనాలు దొరుకుతాయని చెప్పే ఇంకో సంస్థ. అబ్బ, ఆ సైట్ చూడాలి! తాళం గుర్తుంది, ఫొటోలు మెరుస్తున్నాయి, పచ్చటి పొలంలో నవ్వే ఆడవాళ్లు, అన్ని లింకులూ తెరుచుకుంటున్నాయి, అడుగున ఈ సంవత్సరం అంకె నిగనిగలాడుతోంది.

"ఇదీ సంస్థంటే! ఇక్కడికెళ్లు. ఈళ్లకాడ దొరుకుతాది" అన్నాను.

మావ మర్నాడే బొబ్బిలి మీదుగా కొత్తవలస వెళ్లాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతు భలే హుషారుగా ఉంది.

"గుంటా, ఎల్లొచ్చినాను. నువ్వు సెప్పిన సంస్థ స్టేషన్‌కి దగ్గిరే."

"దొరికిందా?"

"దొరికింది. రెండట్లు, ఒక గారె తిన్నాను. సెట్నీ బాగున్నాది."

"మావా, విత్తనాల సంగతి అడుగుతున్నాను."

"అదే సెప్తన్నాను. నువ్విచ్చిన అడ్రసులో టిఫిను హోటలున్నాది. ఆ హోటలాయన సంస్థ పేరు ఇనలేదంట. ఆయన అయిదేళ్లనుంచి అక్కడే అట్లు పోస్తన్నాడు. ఇదేటి మావా, మా హోటల్‌కి కంప్యూటర్‌లో ఇత్తనాలని పేరొచ్చిందా అని ఒకటే నవ్వు. నాను కూడా నవ్వీసినాను."

నేను నవ్వలేదు. సైట్‌కి తిరిగొచ్చి, ఈసారి పేజీ వెనక రాత తెరిచి చూశాను. అడుగున ఉన్న సంవత్సరం అంకె ఎవరూ వేసింది కాదు. చూసే రోజు ఏ సంవత్సరమైతే ఆ సంవత్సరం దానంతటదే పడేలా ముందే రాసిపెట్టి ఉంది. వందేళ్ల తర్వాత చూసినా అది ఆ ఏడాదే చూపిస్తుంది. తాళం గుర్తు కూడా అంతే, దాని గడువు దానంతటదే పెరిగిపోతుంది. వార్తల పేజీలో వార్తలకి తేదీలే లేవు. పొలంలో నవ్వే ఆడవాళ్ల ఫొటో వేరే దేశం వ్యవసాయ యంత్రాల సైట్‌లో కూడా ఉంది, అక్కడా అలాగే నవ్వుతున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక సంవత్సరం అంకె నన్ను ఇంత చక్కగా బుట్టలో వేసుకోవడం అదే మొదలు. ఒళ్లు మండిపోయింది. ఆ లింకు కొట్టేసినప్పుడు మీట గట్టిగానే నొక్కాను.

కానీ మావకి విత్తనం దొరకలేదు. సోమవారం ట్రాక్టర్ వస్తుంది. ఆయన మళ్లీ ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

ఆదివారం పొద్దున్న ఇంట్లో టీ తాగుతూ లాప్‌టాప్ తెరిచాను. కొట్టేసే ప్రతి లింకుకీ ఎందుకు కొట్టేశామో ఒక ముక్క రాసి, పాత కాపీ ఒకటి జతచెయ్యాలని మా ప్రిన్సిపాల్ కొత్తగా పెట్టిన పద్ధతి. సరే, ఆ చచ్చిపోయిన విత్తనాల సంస్థ అంత్యక్రియలు కూడా కానిచ్చేద్దామని, కాపీలు దాచే సైట్‌లో దాని హోమ్ పేజీ పాత కాపీలు తీశాను. ప్రతి కాపీకీ దాన్ని ఏ రోజు పట్టి దాచారో పైన తేదీ ఉంటుంది. రెండేళ్ల కిందటిది ఒకటి, నిరుటి చలికాలంలోది ఒకటి. పక్కన ఇవాళ్టి పేజీ. మూడింటి అడుగునా 'చివరిసారి మార్చినది' అదే పాత తేదీ. మూడూ ఒక్కటేనని రాసెయ్యబోతూ, అలవాటు కొద్దీ ఆ పసుపుపచ్చ గడి చదివాను.

రెండేళ్ల కిందటి కాపీలో ఇలా ఉంది: 'రోహిణి కార్తె వచ్చాక మొదటి ఆదివారం విత్తనాల పండగ. పొద్దున్నే మొదలు. ముఖలింగం వెళ్లే దారిలో, పాత బడిలో. ఒక కుంచం తేవాలి, ఒక కుంచం పట్టుకెళ్లాలి. అందరూ రావాలి.' నిరుటి చలికాలం కాపీలోనూ అంతే, పాత బడిలో. ఇవాళ్టి పేజీలో మాత్రం 'ముఖలింగం వెళ్లే దారిలో, మామిడితోట రేకుల షెడ్డులో.'

టీ గ్లాసు పక్కన పెట్టాను. మళ్లీ చదివాను. పాత బడి. పాత బడి. రేకుల షెడ్డు!

అంటే చలికాలం తర్వాత, ఈ అయిదారు నెలల్లో, ఎవరో ఆ పేజీ తెరిచి ఆ ఒక్క ముక్కా మార్చారు. అడుగున ఉన్న తేదీ ఎవరో ఒకప్పుడు చేత్తో కొట్టింది. దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు, అంతే. కొత్తవలస సైట్‌లో మనుషుల్లేకుండా తేదీ మారిపోతుంటే, ఇక్కడ మనుషులుండి కూడా తేదీ మారడం లేదు! ఇక ఆ ప్రకటనలో సంవత్సరం లేకపోవడం చూసి పాతదనుకున్నానే, దానికి సంవత్సరం ఎందుకుండాలి? రోహిణి కార్తె ఏటేటా వస్తుంది. ఆదివారం వారం వారం వస్తుంది. ఆ ప్రకటన ఒకసారి రాస్తే చాలు, ఎన్నటికీ పాతబడదు. వ్యవసాయం చేసేవాళ్లింట్లో పుట్టి, కార్తెలు వింటూ పెరిగి, నేను దాని మీద అంకె కోసం వెతికాను!

అప్పుడు గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను. రోహిణి ఈ వారంలోనే వచ్చింది. ఇవాళే మొదటి ఆదివారం.

నేను వంటింట్లో గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. మా ఆయన పేపరు పట్టుకుని పరిగెత్తుకొచ్చి "ఏటైంది, పాలు పొంగాయా?" అన్నాడు. "సంస్థ బతికే ఉందండీ!" అన్నాను. ఆయన నన్ను ఒక చూపు చూసి మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయాడు.

మావకి ఫోన్ చేశాను. రాజాంలోనే ఉన్నాడు, సరుగుడు మొక్కలాయనతో టీకొట్టు దగ్గర.

"మావా, ట్రాక్టర్ వద్దని సెప్పీ! ఆళ్లు బతికే ఉన్నారు! పండగ ఇయాళే!"

"ఎవరే? ఎవరు బతికున్నారు?"

"సంచీ వాళ్లు! కదలకు, అక్కడే ఉండు, వస్తన్నాను!"

నా స్కూటీ వెనక కూర్చోవడం మావకి అదే మొదటిసారి. ఎక్కేటప్పుడు "నాను తోల్తాను, ఇటియ్యి" అన్నాడు. నేను ఇవ్వలేదు. పాలకొండ దాటేవరకూ నా భుజం పట్టుకుని "ఒసే, లారీ... ఒసే, గేదె... ఒసే, ఎదరేటో ఉన్నాది సూడు" అంటూనే ఉన్నాడు. ఎండ అప్పుడే మాడ్చేస్తోంది. నాకు ఆనందం పట్టడం లేదు. దారిలో కనిపించిన ప్రతి మామిడితోటా నాదేననిపించింది. పెద్దగా పాట అందుకున్నాను. మావ నా వీపు మీద తాళం వేశాడు. చెమటలు కారిపోతూ, దుమ్ము కొట్టుకుపోతూ, ఇద్దరం పెళ్లికి ఆలస్యమైన పేరంటాళ్లలా పోతున్నాం.

వంశధార వంతెన మీదికొచ్చాక మావ ఉన్నట్టుండి తాళం ఆపేశాడు.

"ఒకవేళ ఆళ్లున్నా, నా వడ్లు ఉంటాయంటావా? ఎవరో ఇచ్చిన ఒక్క కుంచం. ఇన్నేళ్లు ఎవరు ఏస్తారే?"

 సంస్థ ఉందో లేదో పేజీలు చూసి చెప్పగలను. గింజ ఉందో లేదో ఏ పేజీలోనూ లేదు, విత్తనాల పట్టిక లింకు విరిగిపోయింది కదా. కింద ఏట్లో నీళ్లు సన్నగా, ఇసక ఎక్కువగా ఉంది. నేను స్కూటీ వేగం పెంచాను.

దారిలో పాత బడి కనిపించింది. కప్పు కూలిపోయి ఉంది. నేను దాన్ని చూసి దండం పెట్టినంత పనిచేశాను. అది కూలకపోతే ఆ పేజీ మారేది కాదు, నాకు తెలిసేదీ కాదు. ఇంకాస్త ముందుకి వెళితే మామిడితోట, రేకుల షెడ్డు, దాని చుట్టూ సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు, ఒక ఆటో, ఎంతమంది జనం! షెడ్డు నిండా బుట్టలు, చేటలు, గోనెసంచులు. చోళ్లు, సామలు, కందులు, గోగు గింజలు, ఎన్ని రంగుల వడ్లో. ఆడవాళ్లు కుంచాలతో కొలుస్తున్నారు, అరుచుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. చచ్చిపోయిందని నేను తీర్పిచ్చిన సంస్థ నా కళ్లెదురుగా చెమటలు కక్కుతూ, మజ్జిగ తాగుతూ, గోల గోల చేస్తోంది. నాకు నవ్వాగలేదు. ఎవరో నాకూ ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చారు, నవ్వుతూనే తాగి సగం చీర మీద పోసుకున్నాను.

అంతా చూసుకుంటున్నది నడివయసు దాటిన ఒకావిడ. కొంగు నడుముకి దోపి, చేతిలో కుంచంతో షెడ్డంతా తిరుగుతోంది. నేను ఆగలేక వెళ్లి నేనెవరో చెప్పి అడిగేశాను. "అమ్మా, మీ వెబ్‌సైట్‌లో సగం లింకులు పనిచెయ్యవు. ఫోన్ లేదు. మెయిల్ నిండిపోయింది. తేదీ చూస్తే ఏడెనిమిదేళ్ల కిందటిది. మీరు లేరనుకున్నాం."

ఆవిడ కాస్త ఆలోచించింది. "ఆ ఫోను తీయించీసినాం, అందరికీ సెల్లులున్నాయి కదా. ఆ మెయిలు ఎవరు సూస్తన్నారో నాకూ తెల్దు. అది పెట్టిన బాబు ఉద్యోగానికి ఎల్లిపోనాడు. ఏడాదికోపాలి ఆ సైటు పేరుకి డబ్బు ఆడే కడతన్నాడు. బడి కూలిపోయినాక, జనం అక్కడికెల్లి తిరిగిపోతారని, ఆడికి ఫోన్ సేసి అదొక్కటీ మార్పించినాను."

"మిగతావి?"

"మిగతాయి ఏటి మారినాయి? రోహిణి మారిందా? కుంచం మారిందా? మారింది మార్పించినాం. మారందాన్ని ఏటి మారుస్తామమ్మా?"

నా సూత్రాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఖాళీ మజ్జిగ గ్లాసు నోటికెత్తుకున్నాను.

మావ అప్పటికే బుట్టల మధ్య తిరుగుతున్నాడు. వంగి గింజ తీసి చూడ్డం, వదిలెయ్యడం, పక్క బుట్టకి వెళ్లడం. కొన్ని బుట్టల మీద ఒక్కో గన్నేరు పువ్వు పెట్టి ఉంది, నేను అలంకారం అనుకున్నాను. షెడ్డు సగం అయిపోయింది. మావ నడక మెల్లమెల్లగా తగ్గిపోతోంది. నేను చూడలేక ఆవిడనే అడిగాను, పల్లపు మడికి పనికొచ్చే వడ్లేమైనా ఉన్నాయా అని.

"ఏ ఊరమ్మా మీది?"

"రాజాం పక్కన."

"ఓలమ్మో, రాజాం నుంచి ఇంత దూరం వచ్చినారా! అయితే రాజాం మావ వడ్లు తీసుకోండి. పల్లానికి అంతకన్నా మంచివి నేవు. నీళ్లెంతొస్తే అంత లేస్తాది. మా ఊళ్లో నలుగురం ఏస్తన్నాం ఏటేటా."

మావ తలెత్తాడు. ఆవిడ గోడవార ఉన్న బుట్ట చూపించింది. దాని మీద కూడా ఒక గన్నేరు పువ్వుంది. మావ వెళ్లి బుట్టలో చెయ్యి పెట్టాడు. పిడికిలి పైకి తీసి తెరిచాడు. గోధుమరంగు పొట్టు, చివర నల్లటి ముల్లు.

 ఒక గింజ నోట్లో వేసుకుని కొరికాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఈ రాజాం మావ ఎవరమ్మా?" అన్నాను. 

"ఎవరో మావ. పేరు తెల్దు. ఎప్పుడో రాజాం సంతలో ఒక కుంచం ఇచ్చీసి, సంచీ పట్టుకుని ఎల్లిపోనాడు. ఇచ్చినోళ్లు ఏడాదికోపాలి వచ్చి సూసుకుంటారు, మా కాడ అది ఆనవాయితీ. ఈ మావ ఒక్కపాలీ రానేదు. మూడేళ్లు సూసినాం, నాలుగేళ్లు సూసినాం. ఇంక పోనాడు కాబోలు పాపం అనుకున్నాం. పోనోళ్ల బుట్టమీద పువ్వు పెడతాం."

ముందు నేను నవ్వాను, తర్వాత మావ నవ్వాడు. ఆవిడకి అర్థం కాలేదు. మావ చంకలోంచి గుడ్డసంచీ తీసి, మడత విప్పి, వరి కంకి బొమ్మ కనపడేలా రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నానేనమ్మా, రాజాం మావని. బతికే ఉన్నాను."

ఆవిడ చేతిలో కుంచం కింద పడింది. "ఓలమ్మో! ఓలమ్మో, మావ వచ్చినాడు! రాజాం మావ వచ్చినాడు!" అని షెడ్డు దద్దరిల్లేలా కేక పెట్టింది. జనం కొలతలు వదిలేసి చుట్టూ మూగారు. ఆ వడ్లు వేసే నలుగురూ ముందుకి తోసుకొచ్చి, ఏ మడిలో వేశారో, ఎంత పండిందో, ఏ వానకి ఎంత ఎత్తు లేచిందో ఒకళ్ల మీద ఒకళ్లు పడి చెప్తున్నారు. సంతలో ఎప్పుడో మరిచిపోయిన ఒక కుంచెడు గింజల గురించి అంతమంది కబుర్లు చెప్తుంటే, మావ చిన్నపిల్లాడిలా ఒక్కొక్కళ్ల మొహంలోకీ చూస్తున్నాడు. కళ్లల్లో నీళ్లున్నాయి, తుడుచుకోవడం మర్చిపోయాడు.

"నాను ఏటీ తేనేదు. ఒక కుంచం తేవాల కదా" అన్నాడు చివరికి.

"నువ్వు ఎప్పుడో తెచ్చీసినావు కద మావా" అని ఆవిడ సంచీ లాక్కుని, అంచు దాకా వడ్లు పోసింది.

మావ అక్కడినుంచే మొక్కలాయనకి ఫోన్ చేసి, రేపు ట్రాక్టర్ తేవద్దు, ఆకుమడి దున్నాలి, పని మీదున్నాను అన్నాడు. తర్వాత వంగి, బుట్ట మీది గన్నేరు పువ్వు తీసి నాకిచ్చాడు. నేను జడలో పెట్టుకున్నాను.

బయల్దేరేటప్పుడు ఆవిడ స్కూటీ దాకా వచ్చి మావ చెయ్యి పట్టుకుంది.

"ఏడాదికోపాలి వచ్చి కనపడు మావా. నువ్వు రాకపోతే ఉన్నావో నేదో మాకెలగ తెలస్తాది?"